మాదాపూర్‌లో హాస్టల్ ఖాళీ చేస్తున్నాను, 9,000 అడ్వాన్స్‌లో ఒక్క రూపాయి కూడా రాదంటున్నారు

ఒంగోలు_పిల్ల
అందరికీ నమస్తే. మాదాపూర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో త్రీ షేరింగ్‌లో ఉంటున్నా. భోజనంతో కలిపి నెలకి 9,000. చేరినప్పుడు ఇంకో 9,000 అడ్వాన్స్ కట్టించుకున్నారు. నేను చేరింది 12వ తేదీ, అందుకే ప్రతి నెలా 12 నుంచి 11 వరకు లెక్క. అక్టోబర్ 11 దాకా కట్టేశాను.

ఇప్పుడు చెన్నైలో జాబ్ వచ్చింది. సెప్టెంబర్ 20న వార్డెన్ ఆంటీకి "అక్టోబర్ 5న వెళ్ళిపోతున్నా" అని చెప్పాను. సరేనమ్మా అంది. నిన్న అడ్వాన్స్ సంగతి అడిగితే ఓనర్‌తో మాట్లాడమంది. ఆయనేమో "నోటీసు బిల్లింగ్ డేట్ లోపే ఇవ్వాలి. నువ్వు 12 దాటాక చెప్పావు కాబట్టి నీ నోటీసు అక్టోబర్ 12 నుంచి మొదలవుతుంది, నవంబర్ 11 దాకా అద్దె కట్టాలి. అడ్వాన్స్ దానికి సరిపోయింది. మెయింటెనెన్స్ 1,500 అడగట్లేదు, సంతోషించు" అన్నాడు. ఇది కరెక్టేనా? ఆయన మాట వింటే నిజమే కదా అనిపిస్తుంది, బయటికి వచ్చాక కాదనిపిస్తుంది.

అమీర్‌పేట_బ్యాచ్
అక్కా, ఇందుకే మేం చివరి నెల అద్దె కట్టం. అడ్వాన్స్‌లో పట్టుకో అన్నా అంటాం, అయిపోయింది. నువ్వు ముందే కట్టేశావు, ఇంక ఏం చేస్తావ్.

సెక్షన్_సుబ్బారావు
అమ్మా, భయపడకండి. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం నెలవారీ అద్దెకి 15 రోజుల నోటీసు చాలు. మీరు 20న చెప్పారు, 5న వెళ్తున్నారు, సరిగ్గా 15 రోజులు. పూర్తి 9,000 ఇవ్వాల్సిందే. ఈ సెక్షన్ ప్రింట్ తీసి ఆయన టేబుల్ మీద పెట్టండి.

కమిషన్_మెట్లు
సుబ్బారావు గారూ, ఆ ప్రింట్ పెడితే ఆయన నవ్వుతాడు. 106 లీజుకి. అందులో కూడా వేరే ఒప్పందం లేకపోతేనే ఆ 15 రోజులు. హాస్టల్‌లో మంచం తీసుకుంటే లీజు అవ్వదు. గది తాళం వాళ్ళది, ఎప్పుడైనా లోపలికి వస్తారు, పక్క మంచంలోకి ఎవరిని తేవాలో వాళ్ళ ఇష్టం, వంట వాళ్ళది. మనకి ఉన్నది ఉండటానికి ఒక అనుమతి, దాంతో పాటు తిండి, వైఫై. కాబట్టి ఎన్ని రోజుల నోటీసు అన్నది చట్టంలో వెతకక్కర్లేదు, చేరినప్పుడు ఏం రాసుకున్నారో అందులో చూడాలి.

ఒంగోలు పిల్ల గారూ, అడ్వాన్స్ కట్టినప్పుడు రసీదు ఇచ్చారా? దాని మీద ఏం అచ్చువేసి ఉందో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. "బిల్లింగ్ డేట్" అనే మాట ఉందా లేదా అన్నదే మీ కేసు మొత్తం.

మారతహళ్ళి_మామ
బెంగళూరులో ఇంతకన్నా ఘోరం. మా ఫ్లాట్‌కి ఐదు నెలల అద్దె డిపాజిట్. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోశాడు, గోడ మీద ఒక్క మేకు కూడా కొట్టలేదు మేము. పైగా డీప్ క్లీనింగ్ అని ఇంకో ఐదు వేలు. మీరు అగ్రిమెంట్‌లో పెయింటింగ్ క్లాజు చూసుకున్నారా?

ఒంగోలు_పిల్ల
మామ గారూ, నాది ఫ్లాట్ కాదండీ, హాస్టల్‌లో ఒక మంచం. పెయింటింగ్ ఏమీ లేదు.

కమిషన్ గారూ, రసీదు దొరికింది. వెనకాల ఇలా ఉంది: "ఖాళీ చేయువారు ఒక నెల ముందుగా తెలియజేయవలెను. లేనిచో అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు. అడ్వాన్స్ నుండి రూ. 1,500 మెయింటెనెన్స్ మినహాయించబడును." ఇంకా బయటి తిండి తేకూడదు, రాత్రి 10:30కి గేటు వేస్తారు, ఇలాంటివి. బిల్లింగ్ డేట్ అని ఎక్కడా లేదు.

కమిషన్_మెట్లు
అంటే ఒక నెల నోటీసు నిజంగానే ఉంది, దాన్ని తప్పించుకోలేరు. 15 రోజుల మాట మర్చిపోండి. కానీ ఆ నెల 12నే మొదలవ్వాలని ఆయన ఇప్పుడు నోటితో కలుపుతున్నాడు. కాగితం అచ్చు వేయించింది ఆయనే. మీ దగ్గర డబ్బు తీసుకున్నప్పుడు లేని షరతు వెళ్ళేటప్పుడు పుట్టదు.

లెక్క చూద్దాం. 20న చెప్పారు, 21 నుంచి ఎంచితే ముప్పయ్యో రోజు అక్టోబర్ 20. అంటే ఒక నెల నోటీసు ప్రకారం మీరు అక్టోబర్ 20 వరకు బాకీ. 5న వెళ్ళిపోయినా 11 దాకా కట్టే ఉన్నారు కాబట్టి ఆ మధ్య రోజులు ఆయనకి ముట్టినట్టే, వాటిని వెనక్కి అడగకండి. తగ్గింది 12 నుంచి 20 వరకు తొమ్మిది రోజులు. రోజుకి 300 చొప్పున 2,700. రసీదులో ఉంది కాబట్టి మెయింటెనెన్స్ 1,500 కూడా తీసేయండి. 9,000లో 4,200 పోతే 4,800. ఇది ఆయన వైపు మొగ్గి వేసిన లెక్క. ఆ తొమ్మిది రోజులు మీరు తినని తిండికి కూడా డబ్బు ఇచ్చేస్తున్నాను ఇందులో.

అమీర్‌పేట_బ్యాచ్
ఏ, 1,500 మెయింటెనెన్స్ ఎందుకియ్యాలె? నెల నెలా తీసుకునేది దేనికి మరి?

కమిషన్_మెట్లు
తమ్ముడూ, అడగొచ్చు, కానీ రసీదు మీద చేరినప్పుడే ఉంది, అంకెతో సహా. దాని మీద కూర్చుంటే అసలుది ఆగిపోతుంది. నేనైతే వదిలేస్తాను.

హాస్టల్_నడిపేవాణ్ణి
నేను అవతలి వైపు మనిషిని. కొండాపూర్ వైపు రెండు బిల్డింగులు లీజుకి తీసుకుని జెంట్స్ హాస్టల్ నడుపుతున్నాను, సొంత ఊరు తణుకు దగ్గర. నన్ను తిట్టే ముందు ఒక మాట వినండి.

మాకు మంచాలు నిండేది ఒకటో తారీకు నుంచి ఐదారు తారీకుల్లోనే. కొత్త ఉద్యోగాలు, కోర్సుల బ్యాచ్‌లు అప్పుడే మొదలవుతాయి. నెల మధ్యలో ఖాళీ అయిన మంచం మళ్ళీ ఒకటో తారీకు దాకా చూస్తూ ఉండాల్సిందే. బిల్డింగ్ ఓనరుకి మేము కట్టే అద్దె మాత్రం ఆగదు, వంటవాడి జీతం ఆగదు. పైగా జీతం పడిన రాత్రి బ్యాగు సర్దుకుని చెప్పాపెట్టకుండా పోయే కుర్రాళ్ళు ఎంతమందో. అందుకే నోటీసు, అందుకే అడ్వాన్స్.

అయితే ఈ అమ్మాయి విషయంలో ఆ ఓనర్ చెప్పింది నేను ఒప్పుకోను. "బిల్లింగ్ డేట్ లోపు" అన్నది చాలా హాస్టళ్ళలో ఉన్న పద్ధతే, మా దగ్గరా ఉంది. కానీ మేం చేరేటప్పుడే ఫారం మీద రాయించి సంతకం పెట్టిస్తాం. రాయకుండా అడగడం తప్పు.

ఇంకో సంగతి చెప్తాను, మా వాళ్ళు కోప్పడినా సరే. లేడీస్ హాస్టల్లో, మాదాపూర్‌లో, 9,000 మంచం అక్టోబర్ 5న ఖాళీ అయితే ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. అప్పటికింకా చేరేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఆ అమ్మాయి 5న వెళ్ళడం ఆయనకి లాభమే, 11 వరకు డబ్బు ముందే వచ్చేసింది.

కమిషన్_మెట్లు
మీరు ఇప్పుడు అన్నదే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74. ఒప్పందంలో "తప్పితే ఇంత పోతుంది" అని రాసి ఉన్నా, ఆ మొత్తం ఒక పైపరిమితి మాత్రమే. దాని లోపల న్యాయమైన పరిహారం ఎంతో అంతే ఇప్పిస్తారు. "లేనిచో అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు" అని రసీదు మీద ఉన్నంత మాత్రాన తొమ్మిది రోజుల తగ్గుదలకి 9,000 మింగేయడానికి వీల్లేదు. మంచం 6వ తేదీనే వేరొకరికి ఇచ్చేస్తే నష్టమే లేదు కదా అని కూడా వాదించొచ్చు. సుప్రీంకోర్టు 2015లో కైలాష్ నాథ్ కేసులో డిపాజిట్ జప్తు గురించి ఇదే చెప్పింది, నష్టం జరగకపోతే జప్తు కుదరదని.

హాస్టల్_నడిపేవాణ్ణి
ఆ లెక్కన అసలు చెప్పకుండా పోయినవాడు కూడా వచ్చి "మంచం నిండింది కదా, నా అడ్వాన్స్ ఇచ్చేయ్" అంటాడు. అప్పుడు నోటీసు అని రాయడం ఎందుకండీ? వాడి మంచం నింపడానికి నేను బ్రోకర్‌కి ఇచ్చిన కమిషన్ ఎవరు ఇస్తారు?

కమిషన్_మెట్లు
బ్రోకర్‌కి ఇచ్చింది మీ నష్టమే, చూపించి పట్టుకోండి, ఎవరూ కాదనరు. చెప్పకుండా పోయినవాడి దగ్గర ఎంత పట్టుకోవచ్చు అన్నదాని మీద మనిద్దరం ఒప్పుకోం, వదిలేద్దాం. ఈ అమ్మాయి చెప్పే వెళ్తోంది.

సెక్షన్_సుబ్బారావు
సరే, 106 పోయింది. అయినా వినియోగదారుల చట్టం 2019లో "అన్యాయమైన ఒప్పందం" అని కొత్తగా పెట్టారు కదా. నష్టానికి పొంతన లేని జరిమానా దాని కిందికే వస్తుంది. జిల్లా కమిషన్‌లో అదే వేయమనండి.

కమిషన్_మెట్లు
ఈసారి సగం పట్టుకున్నారు గురువుగారూ. నిర్వచనం మీరు చెప్పినట్టే ఉంది. కానీ ఒప్పందమే అన్యాయమని ప్రకటించమంటూ వేసే ఫిర్యాదు జిల్లా కమిషన్ వినదు, రాష్ట్ర కమిషన్‌కి పోవాలి. 4,800 కోసం అంత దూరం వద్దు. జిల్లాలో "సేవలో లోపం, డబ్బు తిరిగి ఇవ్వలేదు" అని వేస్తే చాలు. బస, భోజనం రెండూ ఆ చట్టంలో సేవ కిందికి స్పష్టంగా వస్తాయి, కాబట్టి హాస్టల్ మాకు వర్తించదు అనడానికి లేదు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్ళ లోపు వేయాలి.

ఇంకొకటి, ఊరు మారేవాళ్ళకి బాగా పనికొచ్చేది. ఫిర్యాదు చేసేవాళ్ళు నివాసం ఉన్న చోట లేదా పనిచేసే చోట కూడా వేయొచ్చు. అంటే చెన్నై నుంచి ప్రతి వాయిదాకీ హైదరాబాద్ రానక్కర్లేదు. e-jagriti.gov.in లో ఆన్‌లైన్‌గా కూడా పెట్టొచ్చు.

మారతహళ్ళి_మామ
అక్కడిదాకా వెళ్తే నెలలు పడుతుంది బాబూ. 4,800 కోసం సెలవు పెట్టి తిరుగుతారా? చెన్నై జాబ్‌లో ప్రొబేషన్ ఉంటుంది.

కమిషన్_మెట్లు
నిజమే, పడుతుంది. అందుకే అది చివరి మెట్టు. అసలు పని ఈ రాత్రే ఉంది. ఒంగోలు పిల్ల గారూ, ఇప్పటివరకు మీరు చెప్పిందంతా నోటి మాట. రేపు వార్డెన్ ఆంటీ "నాకు 20న చెప్పలేదు" అంటే మీ లెక్క మొత్తం జారిపోతుంది, ఎందుకంటే ఆ నెల ఎక్కడి నుంచి మొదలైందో అన్నదే గొడవ. ఆవిడకి వాట్సాప్‌లో, మామూలుగా, కోపం లేకుండా ఇలా పెట్టండి:

"ఆంటీ, సెప్టెంబర్ 20న మీకు చెప్పాను కదా, అక్టోబర్ 5న రూమ్ ఖాళీ చేస్తున్నానని. ఆ రోజు సాయంత్రం వచ్చి తాళం ఇస్తాను. అడ్వాన్స్ 9,000లో ఎంత వస్తుందో ఓనర్ గారిని కనుక్కుని చెప్పండి."

ఆవిడ "సరే అమ్మా" అన్నా, ఒక బొటనవేలు బొమ్మ పెట్టినా చాలు. కాదు నువ్వు 20న చెప్పలేదు అని వెంటనే రాస్తే తప్ప ఆ తేదీ మీ వైపే ఉంటుంది. ఆ తర్వాత ఓనర్‌కి విడిగా లెక్క పంపండి, 4,800 అని అంకె వేసి. ఫోన్‌లో వాదించకండి.

అమీర్‌పేట_బ్యాచ్
సామాను ఆపితే? మా రూమ్మేట్ ఒకడు బాకీ ఉన్నాడని వాడి లాప్‌టాప్ బ్యాగు ఆఫీస్‌రూమ్‌లో పెట్టి తాళం వేసిండ్రు. బయోమెట్రిక్ కూడా తీసేసిండ్రు, గేటు లోపలికి రానీయలే.

కమిషన్_మెట్లు
డబ్బు గొడవకి పోలీసులు "సివిల్ మ్యాటర్, కోర్టుకి పోండి" అంటారు. సామాను ఆపితే అది వేరే విషయం, 100కో 112కో ఫోన్ చేయొచ్చు, సాధారణంగా కానిస్టేబుల్ ఒక ఫోన్ కొడితే బ్యాగు బయటికి వస్తుంది. ఈవిడ బాకీ కూడా లేదు. అయినా నా సలహా, ముఖ్యమైనవి, సర్టిఫికెట్లు, లాప్‌టాప్ ముందే ఫ్రెండ్ ఇంట్లో పెట్టేసి, డబ్బు మాట చివర్న మాట్లాడటం.

హాస్టల్_నడిపేవాణ్ణి
చివరి నెల అద్దె ఎగ్గొట్టే చిట్కా చెప్పిన తమ్ముడికి. ఇలాంటి వాళ్ళ వల్లే సామాను ఆపే పనులు మొదలయ్యాయి. అడ్వాన్స్ రెండు మూడు వేలు ఉండి అద్దె ఎనిమిది వేలు ఉంటే నువ్వు అడ్వాన్స్‌లో పట్టుకో అంటే ఎలా పట్టుకుంటాం?

అమ్మాయికి ఒక మాట. ఖాళీ చేసే రోజు పగలు, ఓనర్ కాకపోయినా మేనేజర్ ఉన్నప్పుడు రూమ్ చూపించండి. మంచం, పరుపు, బీరువా తలుపు, బాత్రూమ్ గీజర్ స్విచ్, అన్నీ ఒకే వీడియోలో తీసి, తాళం ఇస్తున్నట్టు కూడా తీయండి. బీరువా తాళం పోగొడితే మాత్రం డబ్బు కోస్తాం, అది ఎక్కడైనా ఉంటుంది. "పదిహేను రోజుల తర్వాత అకౌంట్‌లో వేస్తాం" అంటే ఒప్పుకోకండి. ఏసీ రూమ్ అయితే కరెంట్ బిల్లు రావాలి అనడంలో అర్థం ఉంది, మామూలు రూమ్‌కి ఆ సాకు లేదు. తాళం ఇచ్చేటప్పుడే ఫోన్‌పే చేయించుకోండి. ఊరు దాటాక మీ ఫోన్ ఎత్తరు, నిజం చెప్తున్నా.

అన్నిటికన్నా బాగా పనిచేసేది, మీ మంచానికి మీరే ఒక మనిషిని తెండి. ఆఫీసు గ్రూపులో పోస్ట్ పెట్టండి. 6న చేరేవాళ్ళు ఉంటే ఏ ఓనరూ గొడవ పెట్టుకోడు.

నెల్లూరు_నాన్న
మా అబ్బాయి ఇంటర్ కాలేజీ హాస్టల్‌లో నెల రోజులు ఉండి జ్వరం వచ్చి ఇంటికి వచ్చేశాడు. కాషన్ డిపాజిట్ ఇవ్వడం లేదు, టీసీ కూడా ఇవ్వడం లేదు. ఇదే లెక్క మాకూ వర్తిస్తుందా అండీ?

కమిషన్_మెట్లు
మీది కాలేజీకి అతుక్కుని ఉన్న హాస్టల్, ఫీజు కాలేజీదా హాస్టల్‌దా అన్నదే ముందు తేలాలి. విద్యాసంస్థల విషయంలో వినియోగదారుల కమిషన్లు వెనకడుగు వేస్తాయి. వేరే పోస్ట్ పెట్టండి, రసీదులు పెట్టండి. టీసీ కోసం ముందు ఇంటర్ బోర్డు జిల్లా అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఒంగోలు_పిల్ల
వార్డెన్ ఆంటీకి మెసేజ్ పెట్టా. "ఓకే మా, సర్‌కి చెప్తాను" అని వచ్చింది. స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఓనర్‌కి లెక్క పంపా. రెండు నీలం టిక్కులు వచ్చాయి, జవాబు రాలేదు. ఇంకో విషయం, అద్దె నేను ప్రతి నెలా ఫోన్‌పే చేసింది వేరే పేరుకి. ఆయన భార్యదో ఎవరిదో. రసీదు మీద హాస్టల్ పేరు ఒక్కటే ఉంది, ఓనర్ పేరు లేదు. దీనివల్ల ఇబ్బందా?

కమిషన్_మెట్లు
మంచి ప్రశ్న, చాలామంది అక్కడే దెబ్బ తింటారు. ఫిర్యాదులో అవతలి పక్షం పేరు, చిరునామా ఉండాలి కదా. రిసెప్షన్ గోడ మీద మున్సిపల్ ట్రేడ్ లైసెన్స్ తగిలించి ఉంటుంది, ఉంటే ఫోటో తీయండి, అందులో నడిపేవాళ్ళ పేరు దొరుకుతుంది. లేకపోతే హాస్టల్ పేరు, బోర్డు ఫోటో, ఫోన్‌పేలో కనిపించే పేరు, మూడూ కలిపి రాయండి. డబ్బు ముట్టిందనడానికి ఆ ఫోన్‌పే స్టేట్‌మెంట్లే మీకు సాక్ష్యం. వెళ్ళాక దింపుకోవచ్చు. గోడ మీదిది మాత్రం వెళ్ళకముందే.

ఒంగోలు_పిల్ల
అప్‌డేట్. ఈరోజు ఓనర్ పిలిచాడు. ముందు "లాయర్ లాగా మెసేజ్‌లు పెడుతున్నావు" అన్నాడు. తర్వాత రసీదు వెనకాల చూపించాను, బిల్లింగ్ డేట్ ఎక్కడుందో చూపించమన్నాను. ఆయన చూసి "అందరికీ తెలిసిందే కదమ్మా" అన్నాడు. చివరికి 3,000 ఇస్తాను, తీసుకో, లేకపోతే నీ ఇష్టం అన్నాడు. మనిషిని తెస్తే 4,800 ఇస్తారా అని అడిగా, "తే, చూద్దాం" అన్నాడు. మా టీమ్‌లో ఒక అమ్మాయి ఆదివారం చూడటానికి వస్తానంది, కానీ తనకి టూ షేరింగ్ కావాలట.

అమీర్‌పేట_బ్యాచ్
3,000 పట్టుకొని ఎల్లిపో అక్కా. చెన్నై పోయాక ఆ 1,800 కోసం ఎవరు తిరుగుతరు.

హాస్టల్_నడిపేవాణ్ణి
ఆదివారం దాకా ఆగండి. జీరో నుంచి 3,000కి వచ్చాడంటే ఇంకా కదులుతాడు. టూ షేరింగ్ ఖాళీ ఉంటే ఆ అమ్మాయి అందులో చేరినా ఆయనకి ఒక మంచం నిండినట్టే, మీరు తెచ్చిన మనిషే కదా అనండి.

కమిషన్_మెట్లు
3,000 తీసుకోవాలనుకుంటే తీసుకోండి, అందులో తప్పు లేదు. ఒక్కటే జాగ్రత్త. "పూర్తి సెటిల్‌మెంట్, ఇక ఏమీ లేదు" అని సంతకం పెట్టమంటే పెట్టాక మిగతా 1,800 అడగడం కష్టం. సంతకం లేకుండా ఇస్తే తీసుకుని, "3,000 అందింది, మిగిలింది 1,800" అని అదే చాట్‌లో రాసేయండి. అవసరమైతే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. వాళ్ళు ఆయన్ని బలవంతం చేయలేరు, చిన్న హాస్టళ్ళు చాలాసార్లు పట్టించుకోవు కూడా. కానీ ముందే అడిగాం అనడానికి ఒక నంబర్ వస్తుంది.

సెక్షన్_సుబ్బారావు
సంతకం పెట్టినా ఒత్తిడితో పెట్టించారని చెప్పొచ్చు. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 16.

కమిషన్_మెట్లు
చెప్పొచ్చు గురువుగారూ. 1,800 కోసం దాన్ని నిరూపించేది ఎవరు?

ఒంగోలు_పిల్ల
థాంక్యూ అందరికీ. ఆదివారం ఆ అమ్మాయి వచ్చి వెళ్ళాక రాస్తాను. ట్రేడ్ లైసెన్స్ గోడ మీద ఉంది, కానీ అందులో పేరు ఫోన్‌పే పేరూ కాదు, ఓనర్ పేరూ కాదు. మూడో మనిషి ఎవరో. పాత ఓనర్ నుంచి కొన్నారేమో. అప్పుడు ఎవరి మీద వేయాలి?